వీపు మీద మొటిమలు, చేతుల మీద నూకలు

పెళ్లికి కుట్టించుకున్న పొట్టిచేతుల జాకెట్టు వేసుకోనని మా అక్క కూతురు మొండికేసింది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చేయి చాచి, "తడిమి చూడు పిన్నీ, గరుకు కాగితంలా లేదూ!" అంది. నిజమే. భుజం కింద నుంచి మోచేతి పైదాకా, చేతి వెలుపలి వైపంతా నూకలు చల్లినట్టు సన్నటి పొక్కులు. ఈకలు పీకిన కోడి చర్మంలా ఉంది. వీపు మీద, ఛాతీ పైభాగాన మొటిమలు సరేసరి. రెండూ ఒకటేననుకుని ఏడాదిగా బీరపీచుతో, సున్నిపిండితో ఎర్రబడేదాకా రుద్దుకుంటోందట.

చర్మవైద్యురాలి దగ్గరకు తీసుకెళ్లాను. ఆవిడ ముందు చేతిని వేళ్లతో తడిమారు. నొప్పి లేదు, చీము లేదు. పొక్కులన్నీ ఒకే సైజు, ఒక్కొక్క వెంట్రుక మొదట్లో ఒక్కొక్కటి. దీని పేరు కెరటోసిస్ పైలారిస్. చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే గట్టి పదార్థం వెంట్రుక బయటికొచ్చే రంధ్రం దగ్గర పేరుకుని బిరడాలా బిగుసుకుంటుంది. భూతద్దంలో చూస్తే కొన్ని బిరడాల కింద సన్నటి వెంట్రుక చుట్టచుట్టుకుని కనిపిస్తుంది. ఇది అంటురోగం కాదు, మురికి వల్ల వచ్చేదీ కాదు. ఎక్కువగా వంశంలోనే వస్తుంది. ఆ మాట వినగానే మా అక్క తన చేయి తడిమి చూసుకుంది. తనకూ ఉంది! ఇన్నాళ్లూ చలికి వచ్చిన గగుర్పాటనుకుందట.

వీపు కథ వేరు. అక్కడ నూనె గ్రంథులు ఎక్కువ. ఆ నూనె, రాలే మృతకణాలు కలిసి రంధ్రాన్ని మూసేస్తే, లోపలి బాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. అందుకే అక్కడివి ఒక్క తీరున లేవు. కొన్ని నల్లటి తలలవి, కొన్ని ఎర్రటివి, రెండుమూడు లోతుగా గడ్డకట్టి నొక్కితే నొప్పెట్టేవి. బరువైన బ్యాగు పట్టీలు ఒరుసుకునేచోట ఇంకాస్త ఎక్కువ. జడకు రాసిన కొబ్బరినూనె వీపు మీదికి కారడమూ మంచిది కాదు.

"దురదుందా?" అని డాక్టరు రెండుసార్లు అడిగారు. అది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. వీపు మీద, ఛాతీ మీద ఒకే సైజులో, నల్లతలలు లేకుండా, బాగా దురదపెట్టే పొక్కులు వస్తే అవి మొటిమలు కాకపోవచ్చు. చెమటపట్టే వాతావరణంలో మలసీజియా అనే ఈస్టు వెంట్రుక కుదుళ్లలో పెరిగినా అలాగే ఉంటుంది. దానికి ఫంగస్ మందు కావాలి. మొటిమలనుకుని యాంటీబయోటిక్ మింగితే ఇంకా పెరగవచ్చు. మందులషాపులో అడిగి తెచ్చుకునే స్టిరాయిడ్ క్రీములైతే మొటిమలను తామే పుట్టించగలవు.

అమ్మాయికి దురద లేదు. వీపుకు 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ రాశారు. స్నానంలో తలకు రాసిన షాంపూ, కండిషనరు పూర్తిగా కడిగేశాక దాన్ని పూసి, మూడు నాలుగు నిమిషాలు ఉంచి కడగాలి. పూసిన వెంటనే కడిగేస్తే మందు పనిచేసే వ్యవధే ఉండదు. పైగా అది బట్టల రంగు తినేస్తుంది. రంగుల తువ్వాలుతో తుడుచుకుంటే తెల్లమచ్చలు ఖాయం, అందుకే పాత తెల్ల తువ్వాలు వాడమన్నారు. రాత్రికి 0.1 శాతం అడాపలీన్ పలుచగా, మొదట రోజు విడిచి రోజు. గర్భం దాల్చినవాళ్లు దీన్ని వాడకూడదు.

చేతులకు పీచు మానిపించారు. రుద్దితే బిరడా ఊడదు, చుట్టూ ఎర్రబడి గోధుమరంగు మచ్చ మిగులుతుంది. స్నానం చేసిన వెంటనే చర్మం ఇంకా తడిగా ఉండగానే 20 శాతం యూరియా ఉన్న క్రీము రాయాలి. యూరియా అంటే అక్క ఉలిక్కిపడింది, పొలంలో చల్లేదా అని! రసాయనం అదే, కానీ ఇది చర్మానికి తగ్గట్టు క్రీములో కలిపి తయారుచేసినది. నీటిని పట్టి ఉంచి కెరటిన్‌ను మెత్తబరుస్తుంది. లాక్టిక్ ఆమ్లం ఉన్న క్రీములూ ఆ పనే చేస్తాయి. పగిలిన చర్మం మీద రాస్తే మాత్రం మంటపెడతాయి.

పెళ్లినాటికి ఏదీ తగ్గలేదు, పొడుగుచేతుల జాకెట్టే వేసుకుంది. నెలన్నరకు చేతులు నున్నబడ్డాయి, ఎరుపు మాత్రం ఉంది. వీపు మీద కొత్త మొటిమలు తగ్గడానికి మూడు నెలలు పట్టింది. పాతవి వదిలిన నల్లమచ్చలు ఇంకా ఉన్నాయి. లోతు గడ్డలు అలాగే వస్తుంటే మాత్రలు వాడాలన్నారు. ఛాతీ మీద, భుజాల మీద అలాంటివి మానాక కొందరికి కెలాయిడ్ అనే ఉబ్బు మచ్చ లేస్తుంది కాబట్టి గిల్లవద్దని గట్టిగా చెప్పారు.

పరీక్షల హడావిడిలో పిల్ల చేతుల క్రీము మానేసింది. కొన్ని వారాలకే నూకలు మళ్లీ లేచాయి. వయసు పెరిగేకొద్దీ చాలామందికి అవి వాటంతటవే తగ్గుతాయట. అప్పటిదాకా వారానికి మూడుసార్లు రాస్తానని ఒప్పుకుంది. అక్క కూడా అదే సీసాలోంచి వాడుకుంటోంది.