సంక్రాంతి వారంలో స్ప్రింట్: ఎంత పని ఎత్తుకోవాలి?

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో జనవరి రెండో వారం స్ప్రింట్ ప్లానింగ్‌కు గట్టి పరీక్ష. సగం టీమ్ ఊరి బస్సు టికెట్లు ముందే బుక్ చేసుకుని ఉంటుంది. అయినా చాలాచోట్ల ‘పోయినసారి 32 పాయింట్లు చేశాం, ఈసారీ అంతే’ అని రాసేసుకుంటారు. లెక్క తప్పేది అక్కడే.

నలుగురు డెవలపర్లు, ఇద్దరు టెస్టర్లు ఉన్న టీమ్ అనుకుందాం. రెండు వారాల స్ప్రింట్ అంటే పది పనిరోజులు, మొత్తం 60 మ్యాన్‌డేస్. పండగ సెలవు ఒకరోజుకు ఆరు పోతాయి. ఇద్దరు డెవలపర్లు మూడేసి రోజులు, ఒక టెస్టర్ నాలుగు రోజులు లీవు పెట్టారు. ఇక మిగిలేది 44.

గత మూడు స్ప్రింట్లలో సగటున 56 మ్యాన్‌డేస్‌కు 32 పాయింట్లు పూర్తయ్యాయి. అంటే ఏడు మ్యాన్‌డేస్‌కు నాలుగు పాయింట్లు. ఆ చొప్పున 44కు వచ్చేది 25. ఇందులోంచి మీటింగులకు, సపోర్ట్ కాల్స్‌కు మళ్లీ కోత వేయక్కర్లేదు. పాత స్ప్రింట్లలోనూ అవి ఉన్నాయి కాబట్టి వాటి భారం ఆ 32లోనే కలిసి ఉంది. టీమ్‌లో మనుషులు మారితే మాత్రం ఈ చొప్పును నమ్మకూడదు.

ఇక మిగిలిపోయిన పని. ఎనిమిది పాయింట్ల పేమెంట్ స్టోరీ ‘తొంభై శాతం అయిపోయింది’ అంటారు. ఆ మాట విని ఒక్క పాయింటే ఉందనుకోవద్దు. కోడ్ రివ్యూ, టెస్టింగ్, అందులో దొరికే బగ్గులు అన్నీ ముందే ఉన్నాయి. కూర్చుని మళ్లీ అంచనా వేస్తే ఐదు తేలింది. అసలు మొదలే కాని రిపోర్ట్ స్టోరీ ఇంకో ఐదు. కొత్త పనికి మిగిలింది 15 మాత్రమే. పోయినసారి ఎందుకు ఆగిందో కూడా అడగాలి. బ్యాంకు వాళ్ల టెస్ట్ సర్వర్ రాక ఆగి ఉంటే, అది వచ్చేదాకా ఆ స్టోరీని స్ప్రింట్‌లోకి తీసుకోకపోవడమే మేలు.

మొత్తం సరిపోయినా ప్లాన్ దెబ్బతినే చోటు ఇంకొకటుంది. ఆ టెస్టర్ లీవు నాలుగు రోజులూ రెండో వారంలోనే. పండగ సెలవు పోను ఆ వారం టెస్టింగ్‌కు దొరికేది మిగిలిన ఒక్కరి నాలుగు రోజులే. 25 పాయింట్లూ చివరి వారంలో ఒకేసారి టెస్టింగ్‌కు వస్తే ఆ ఒక్కరు తట్టుకోలేరు. కాబట్టి పేమెంట్ స్టోరీని మొదటి రోజే పట్టుకోవాలి. పెద్ద కొత్త స్టోరీలను ముక్కలు చేసి, మొదటి శుక్రవారానికల్లా సగమైనా టెస్టింగ్‌కు చేరేలా చూడాలి. బుధవారం నాటికి బోర్డు మీద కార్డులన్నీ ‘ఇన్ ప్రోగ్రెస్’లోనే ఉండి, టెస్టింగ్ కాలమ్ ఖాళీగా కనిపిస్తే, కొత్త స్టోరీ మొదలుపెట్టడం ఆపి ఉన్నవాటిని ముగించడానికి డెవలపర్లందరూ దిగాలి. ఇంకో పని కలపమని మేనేజర్ అడిగితే, లీవుల షీట్ ముందు పెట్టి ఏ స్టోరీ తీసేయాలో ఆయన్నే ఎంచమనాలి.