కుకీలు వద్దన్నవాళ్లు ఎక్కడికి పోయారు?

మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్మే ఒక దుకాణం ఉందనుకుందాం. జర్మనీలో ఉంటున్న తెలుగువాళ్లు కూడా దాని ఖాతాదారులే. వెబ్‌సైట్‌కి నెలకి అక్కడినుంచి పదివేలమంది వస్తారు. చీర చూసి కొనకుండా వెళ్లిపోయినవాళ్లకి అదే చీరను ఫేస్‌బుక్‌లోనూ గూగుల్‌లోనూ మళ్లీ చూపించడం యజమానురాలికి అలవాటు. ఇప్పుడు ఆ ప్రకటన చూపించగలిగేవాళ్ల లెక్క మూడువేలకి పడిపోయింది. వచ్చేవాళ్లు తగ్గలేదు, చీరలు అమ్ముడుపోతూనే ఉన్నాయి. మరి మిగతా ఏడువేలమంది ఏమైనట్టు?

మొదటి కోత సమ్మతి బ్యానర్ దగ్గర పడుతుంది. దుకాణం మంగళగిరిలో ఉన్నా, ఐరోపాలో ఉన్నవాళ్లకి సరుకు అమ్ముతోంది కాబట్టి 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఐరోపా డేటా రక్షణ చట్టం దానికీ వర్తిస్తుంది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా లెక్కవేయకూడదని ఐరోపా న్యాయస్థానం 2019లో తేల్చేసింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, వద్దనడానికి అంతకంటే ఎక్కువ నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. ఆ తర్వాత 'అన్నీ తిరస్కరించు' అన్న బటన్ చాలాచోట్ల 'అంగీకరించు' పక్కనే కనిపించసాగింది. మన దుకాణానికి వచ్చినవాళ్లలో సగం మంది వద్దన్నారనుకుంటే ఐదువేలమంది మిగిలారు.

రెండో కోత బ్రౌజర్‌ది. ఆ ఐదువేలలో రెండువేలమంది ఐఫోన్‌లో సఫారీ వాడుతున్నారనుకుందాం. ఒక సైట్‌లో కూర్చుని వేరే కంపెనీ పెట్టే కుకీలను సఫారీ 2020 మార్చి నుంచి పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ కూడా ఇలాంటి ఆంక్షలే పెట్టింది. గూగుల్ మాత్రం క్రోమ్‌లో వాటిని తీసేస్తానని 2020లో చెప్పి, వాయిదాలు వేసి, 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. అందుకే మిగిలిన ఆ మూడువేలమందీ ఎక్కువగా క్రోమ్‌వాళ్లే అయి ఉంటారు.

ఇంతవరకూ కంటికి కనిపించే నష్టమే. అసలు దెబ్బ కనిపించకుండా తగులుతుంది. బెర్లిన్‌లో ఉంటున్న ఒకావిడ ప్రకటన నొక్కి సైట్‌కి వచ్చింది. గులాబీ రంగు, నిజాం అంచు చీర నచ్చింది. ఫొటోని వాట్సాప్‌లో గుంటూరులో ఉన్న అమ్మకి పంపింది. అమ్మ సరేననడానికి, జీతం పడడానికి పది రోజులు పట్టింది. అప్పుడు సైట్ పేరు నేరుగా టైపు చేసి చీర కొంది. సందర్శకులను గుర్తుపెట్టుకునే `_ga` అన్న కుకీ ఆయుష్షు మామూలుగా రెండేళ్లు. పేజీలోని స్క్రిప్టు పెట్టే ఇలాంటి కుకీలను సఫారీ ఏడు రోజులకి కుదించింది. ప్రకటన కంపెనీ లింకు మీదుగా వచ్చినప్పుడు కొన్ని సందర్భాల్లో అది ఒక్కరోజే. కాబట్టి పదో రోజు వచ్చినావిడ రిపోర్టులో కొత్త మనిషి. ఒకే మనిషి ఇద్దరుగా నమోదైంది, అమ్మకం 'నేరుగా వచ్చినది' కింద పడింది, ప్రకటన ఖాతాలో సున్నా మిగిలింది. దాన్ని చూసి, పనిచేస్తున్న ప్రకటననే ఆపేస్తారు. ఈ పొరపాటు ఖరీదు కుకీలు పోవడం కంటే ఎక్కువ.

దీన్ని పట్టుకునే మార్గం ఉంది. నెలాఖరున దుకాణం సొంత ఆర్డర్ల పుస్తకంలో జర్మనీ ఆర్డర్లు ఎన్నో, విశ్లేషణ రిపోర్టులో ఎన్నో పక్కపక్కన పెట్టి చూడాలి. పుస్తకంలో 100 ఉండి రిపోర్టులో 55 ఉంటే, పోయింది గిరాకీ కాదు, చూపు. డబ్బు కట్టే పేజీలో 'మా గురించి ఎలా తెలిసింది?' అన్న ఒక్క ప్రశ్న పెడితే ఆ మిగతా 45 గురించి కొంతైనా తెలుస్తుంది.

ఇక సొంత డేటా సంగతి. చాలామంది కొత్త సాఫ్ట్‌వేర్ కొనడంతో మొదలుపెడతారు. మొదలుపెట్టాల్సింది పాత ఆర్డర్ల దగ్గర. ఒక్కో ఖాతాదారుకి ఒక్కటే వరుస ఉండాలి. ఈమెయిల్, ఫోను, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, వీటితోపాటు ఏ పనికి ఒప్పుకున్నారు, ఏ తేదీన, అప్పుడు వాళ్లకి చూపిన వాక్యం ఏమిటి అన్నవి కూడా అందులోనే రాయాలి. పార్సిల్ చేరడానికి ఇచ్చిన నంబరు ప్రకటనలకి ఇచ్చినట్టు కాదు. కొత్త చీరల కబురు పంపడం ఒక అనుమతి, ఆ చిరునామాను ప్రకటన కంపెనీకి ఇవ్వడం ఇంకో అనుమతి. రెండూ వేరువేరు గడులు, రెండూ ఖాళీగా ఉండాలి. జర్మనీలో ఈమెయిల్ ఇచ్చినవాళ్లకి ముందు ఒక ధ్రువీకరణ లింకు పంపి, అది నొక్కాకే జాబితాలో చేర్చడం ఆనవాయితీ.

ఊరికే అడిగితే ఎవరూ ఇవ్వరు. అయిపోయిన చీర దగ్గర 'ఈ రంగు మళ్లీ నేయించినప్పుడు చెప్పమంటారా?' అని అడిగితే ఇస్తారు, ఎందుకంటే ఆ కబురు వాళ్లకే కావాలి. బ్లౌజు కొలతలు దాచిపెడతాం, మళ్లీ చెప్పనక్కర్లేదు అన్నా ఇస్తారు. దీనికి బదులు సైట్ తెరవగానే లాగిన్ అవ్వమంటే వెళ్లిపోతారు.

పాత ఖాతాదారులు నాలుగువేలమందిలో 1,200 మంది కబుర్లకి, వాళ్లలో 800 మంది ప్రకటనలకీ ఒప్పుకున్నారనుకుందాం. ఆ 800 ఈమెయిళ్లను, ఫోన్లను ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చి ప్రకటన కంపెనీకి ఎక్కిస్తారు. ఆ కంపెనీ తన ఖాతాలను కూడా అలాగే మార్చి పోల్చుకుంటుంది. ఇక్కడ చిన్న అజాగ్రత్త పెద్ద నష్టం చేస్తుంది. ఈమెయిల్ చివర ఒక ఖాళీ మిగిలినా, పెద్దక్షరం ఉన్నా, ఫోను +49తో కాకుండా సున్నాతో మొదలైనా వరుస పూర్తిగా మారిపోయి జత కుదరదు. ఎక్కించినవాటిలో జత కలిసినవి మరీ తక్కువగా ఉంటే ముందు అనుమానించాల్సింది ఈ శుభ్రతనే. జత కలిసిన జాబితాను నేనైతే మొదట మినహాయింపుకి వాడమంటాను. నిన్న కొన్నావిడకి అదే చీర మళ్లీ చూపించే ఖర్చు తప్పుతుంది. కబుర్లకి ఒప్పుకున్న 1,200 మందికైతే మధ్యలో ఏ ప్రకటన కంపెనీ అక్కర్లేదు.

కొలతలను బ్రౌజర్ నుంచి కాకుండా సొంత సర్వర్ నుంచి పంపే పద్ధతి కూడా ఉంది. కొంత నష్టం పూడుతుంది. కానీ వద్దన్నవాళ్ల వివరాలను ఆ దారిన పంపడం నేరుగా చట్టాన్ని తప్పడమే. మీ సైట్ నిజాయితీని మీరే పరీక్షించవచ్చు. ప్రైవేట్ విండోలో సైట్ తెరిచి, బ్యానర్‌లో 'తిరస్కరించు' నొక్కి, క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో Application, అందులో Cookies చూడండి. అక్కడ `_ga` గానీ `_fbp` గానీ కనిపిస్తే మీ బ్యానర్ అబద్ధం చెబుతోంది.

జర్మనీకి అమ్మని దుకాణాలు కూడా ఈ పని వాయిదా వేయకండి. మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు అప్పటినుంచి 18 నెలలకి అమల్లోకి వస్తాయి. ఇంతకుముందే సమ్మతి ఇచ్చిన పాత ఖాతాదారులకి కూడా అప్పుడు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును తెలుగులో చదువుకునే వీలు కూడా కల్పించాలని చట్టంలోనే ఉంది. ఆ వాక్యం ఇవాళే తెలుగులో రాసిపెట్టుకోండి.