మీట తప్పిన మాట

`kecejz[d[f` అన్న ముక్కను చూసి ఇదేదో రసాయనశాస్త్రపు సూత్రం అనుకునేరు. కాదు, ఇది మన కామారెడ్డి. పక్కనే `Zndnejz[d[f` అని కనబడితే అది ఎల్లారెడ్డి. రెండింటి చివరా `jz[d[f` ఒకే తీరుగా వున్నదని మీరు ఈపాటికే గమనించి వుంటారు. అది "రెడ్డి".

కంప్యూటరు మీద తెలుగు కొట్టడానికి వాడేవాటిలో ఒకటి ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరిక. కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ దీన్ని 1986లో తెచ్చింది, 1988లో సవరించింది. 1991లో ఇది భారత ప్రమాణాల్లోకి చేరింది. హిందీకైనా, తెలుగుకైనా "క" ఒకే మీట మీద వుండాలన్నది దాని పద్ధతి. ఎడమచేతి వైపు ఎక్కువగా గుణింతపు గుర్తులు, కుడిచేతి వైపు ఎక్కువగా హల్లులు వుంటాయి. షిఫ్ట్ నొక్కితే "క" "ఖ" అవుతుంది, "ి" కాస్తా "ఇ" అవుతుంది.

అయితే అదే మీటల మీద ఇంగ్లీషు అక్షరాలు కూడా వున్నాయి గదా. ఏ భాష తెరమీదికి రావాలో నిర్ణయించేది వేలు కాదు, లోపల ఎంచుకున్న అమరిక. తెలుగులోకి మార్చడం మరిచి, తెర వైపు చూడకుండా కొట్టుకుంటూ పోతే వేళ్ళు తెలుగే రాస్తాయి, తెర ఇంగ్లీషు చూపిస్తుంది. కానీ ఒక మీటకు ఒక గుర్తు చొప్పున పడుతుంది కాబట్టి ఇందులో పోయిందేమీ లేదు, వేషం మారిందంతే. ఎదురుగా కంప్యూటరు వుంటే తెలుగు అమరిక పెట్టి, ఆ గజిబిజిని ఉన్నదున్నట్టు మళ్ళీ కొడితే చాలు, అసలు మాట తిరిగి వస్తుంది.

చేతిలో కంప్యూటరు లేనప్పుడు? మొన్నటి యాసంగిలో మా బాపు ఫోనుకు ఒక కబురు వచ్చింది. వడ్లు కొనేచోట రాతకోతలు చూసే ఒకాయన పంపినది:

```
Jshg b[dng Zndnejz[d[fkf lzx[f
```

"ఏం రాసిండురా ఈయన? ఇంగ్లీషేనా?" అన్నాడు బాపు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ట్రాక్టరు కిరాయికి మాట్లాడి వుంది, ఎటు పోవాలో తెలియాలి. కాగితం మీద పెట్టి చూశాను.

మొదట కంటపడేది మాట మధ్యలో వున్న `[`. ఇంగ్లీషు మాట నడుమ బ్రాకెట్టు ఎవరూ పెట్టరు. తెలుగు అక్షరాలు ఇరవై ఆరు మీటల్లో ఇమడవు కాబట్టి డ, చ, ట, య వంటివి పక్కనున్న `[`, `;`, `'`, `/` మీద కూర్చున్నాయి. "చెట్టు" కొడితే `;z'd'g` అవుతుంది, "యాసంగి" కొడితే `/emxif` అవుతుంది. రెండో ఆనవాలు `d`. అది పొల్లు మీట. దానికి అటూ ఇటూ ఒకే అక్షరం వుంటే అది ద్విత్వం. `[d[`, `ndn` అట్లాంటివే. తెలుగులో ద్విత్వాలకు కొదవ లేదు గనుక ఈ ఆనవాలు దాదాపు ప్రతి వాక్యంలోనూ దొరుకుతుంది.

మా వైపు ఊరి పేరులో చివర ద్విత్వం, దాని మీద ఒక గుర్తు అంటే "రెడ్డి" కాక ఇంకేం? అలా అనుకుంటే j ర, z ఎత్వం, [ డ, d పొల్లు, f గుడి అని తేలాయి. ఇక అది కామారెడ్డా, ఎల్లారెడ్డా? కామారెడ్డి అయితే "రెడ్డి"కి ముందు ద్విత్వం వుండదు, ఒకే దీర్ఘం రెండుసార్లు రావాలి. ఇక్కడ `Zndn` అని ద్విత్వం వుంది, తర్వాత `e` ఒక్కసారే వచ్చింది. కాబట్టి ఎల్లారెడ్డి. దాంతో n ల అనీ, e దీర్ఘం అనీ తెలిసింది. చివరి `kf` "కి" కావాలి. `b[dng`లో తెలిసినవి పెడితే "?డ్ల?" వస్తుంది. వడ్ల కాలంలో దాన్ని "వడ్లు" అని పూరించడానికి పండితుడు అక్కరలేదు. అట్లా g కొమ్ము అయింది. `lzx[f` అంటే "?ె?డి", అది "తెండి". మిగిలిన మొదటి మాట "ర??ు". కబురు పంపినవాడు రమ్మనే రోజే చెప్పాలి కాబట్టి "రేపు". "రేపు వడ్లు ఎల్లారెడ్డికి తెండి." బాపు ట్రాక్టరును ఎల్లారెడ్డికే పంపాడు.

ఆ కబురులో ఒక చిన్న తమాషా వుంది. మొదటి అక్షరం `j` కాదు, పెద్ద `J`. ఉన్నదున్నట్టు మారిస్తే "ఱేపు" వస్తుంది. పాత పుస్తకాల్లో తప్ప కనబడని బండి ఱ ఇక్కడికెట్లా వచ్చింది? వర్డు వంటి ప్రోగ్రాములు వాక్యం మొదటి అక్షరాన్ని తమంతట తామే పెద్దది చేస్తాయి. అలాగే `kecejz[d[f` వాక్యం మొదట వస్తే "ఖామారెడ్డి" అవుతుంది. వర్డు నిటారు `'` గుర్తును వంకర గుర్తుగా కూడా మారుస్తుంది, అప్పుడు ట వున్న చోటల్లా యంత్రంతో మార్చడం తప్పుతుంది. మనిషి కంటికి మాత్రం తెలిసిపోతుంది.

తలకిందులుగా జరిగేది కూడా చెప్పుకోవాలి. తెలుగు అమరికలో వుండి ఇంగ్లీషు కొడితే `ticket` మొదటి అక్షరమే దీర్ఘపు గుర్తు అవుతుంది. హల్లు లేకుండా గుణింతం నిలవదు కాబట్టి తెర దాన్ని సాధారణంగా ఒక చుక్కల సున్నా మీద నిలబెడుతుంది. ఆ సున్నా మాట మొదట్లో కనబడితే అనుమానించవచ్చు.

అసలు ప్రమాదం అర్థం లేని గజిబిజిలో లేదు, అర్థం వున్నట్టు కనబడేదానిలో వుంది. తెలుగు అమరికలో `hi` కొట్టండి, "పగ" వస్తుంది! పలకరించబోయి పగ చాటినట్టన్నమాట. ఇంగ్లీషు అమరికలో "పోపో" అని కసిరితే అవతలివాడికి `haha` అని నవ్వు చేరుతుంది. "పాపా" అని పిలిస్తే `hehe`. ఇటువంటివి నిఘంటువు తీసి చూసినా పట్టుబడవు, ఎందుకంటే రెండు వైపులా చెల్లే మాటలే. ముందూ వెనకా వున్న సంభాషణే దిక్కు.

ఈ కిటుకు అన్ని గజిబిజులకూ పనికిరాదు. అను ఫాంటుల్లో కూర్చిన పాత తెలుగు పాఠాన్ని మామూలు ఫాంటులోకి తెస్తే తల మీద గీతలూ చుక్కలూ వున్న లాటిన్ అక్షరాలు కనబడతాయి. అక్కడ మారింది మీట కాదు, అక్షరం ముక్కలకిచ్చిన సంకేతాలు. దానికి వేరే పట్టిక కావాలి. గుర్తుపట్టడం తేలికే: మీట తప్పిన రాతలో మామూలు కీబోర్డు మీద లేని గుర్తు ఒక్కటీ వుండదు, వర్డు వంకర చేసిన కొటేషను గుర్తు తప్ప.

ఇక నిజంగా పోయేది ఎక్కడంటే, పెద్ద అక్షరాలన్నిటినీ చిన్నవి చేసే చోట. `Zndn` `zndn` అయినా ఇబ్బంది లేదు, ఏ మాటా ఎత్వపు గుర్తుతో మొదలుకాదు గనుక అది "ఎ" అని తేల్చుకోవచ్చు. కానీ ల `n` మీద వుంటే, ళ అదే మీట మీద షిఫ్టుతో వుంది. `kn` అని ఒక్క మాట మిగిలితే పంపినవాడు "కల" అన్నాడో "కళ" అన్నాడో ఏ పట్టికా చెప్పలేదు, అతన్నే అడగాలి.