పొడుల వ్యాపారం పెట్టిన స్నేహితురాలికి కాటా కొనివ్వండి

తెలిసినవాళ్లు ఎవరైనా కొత్తగా వ్యాపారం మొదలుపెడితే మనం సాధారణంగా గోడ గడియారమో, వినాయకుడి బొమ్మో, పూలగుత్తో పట్టుకెళతాం. అవి ప్రేమతో ఇచ్చేవే. కానీ మొదటి ఆరు నెలల్లో ఆ మనిషి పడే ఇబ్బంది వేరు. చేతిలో ఉన్న డబ్బంతా సరుకుకే పోతుంది. పనిముట్ల దగ్గరికి వచ్చేసరికి ‘ఇంట్లో ఉన్నదానితో కొన్నాళ్లు లాగిద్దాం’ అనుకుంటారు. రోజూ అవసరమై కూడా ఇలా వాయిదా పడుతున్న వస్తువేదో కనిపెట్టి ఇస్తే ఆ కానుక నిజంగా అక్కరకొస్తుంది.

ఆ వస్తువు ఏ వ్యాపారానికి ఆ వ్యాపారంలోనే వెతకాలి. మన ఊళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు మొదలుపెడుతున్న ఇంటి పొడులు, పచ్చళ్ల వ్యాపారాన్నే తీసుకుందాం. రాజమండ్రిలో మీ స్నేహితురాలు కందిపొడి, కరివేపాకు పొడి వంద గ్రాముల ప్యాకెట్లలో, గోంగూర పచ్చడి పావుకిలో ప్యాకెట్లలో అమ్ముతున్నారనుకోండి. ఆమెకు నేనైతే ముందుగా కొనిచ్చేది కాటా. నలుగురు స్నేహితులు కలిసి ఒక్క వస్తువే ఇద్దామనుకుంటే అది మంచి కాటాయే కావాలి.

వంటింట్లో కేకులకు వాడే చిన్న కాటా ఆమె దగ్గర ఉండే ఉంటుంది. దాంతో తూచి అమ్మడం చట్టప్రకారం కుదరదు. అమ్మకానికి వాడే కాటా నమూనాకు ప్రభుత్వ ఆమోదం ఉండాలి, దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాలకు ఆ ముద్ర ఏడాదికోసారి కొత్తగా వేయించాలి. అందుకే ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని తెప్పించేయకుండా, ఊళ్లో కాటాలు అమ్మే, బాగుచేసే లైసెన్సున్న దుకాణానికి వెళ్లండి. అక్కడ ‘షాపు వాడకానికి, ముద్రతో కావాలి’ అని అడగండి. ముద్ర వేసిన చోట ఆ సంవత్సరంతో పాటు ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి ఉంటుంది. ఆ ఏడాదిలో ఏ మూడు నెలల్లో వేశారో ఆ అక్షరం చెబుతుంది. కొన్న రోజునే అది చూసుకుంటే మళ్లీ ఎప్పుడు వేయించాలో తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడేది సైజు దగ్గర. పెద్దదైతే ఎప్పటికైనా పనికొస్తుందని ముప్పై కిలోల కాటా కొంటారు. కాటా మీద అతికించిన చిన్న పలకలో మూడు అంకెలుంటాయి: అది మోయగల గరిష్ఠ బరువు, తూచాల్సిన కనిష్ఠ బరువు, ‘ఇ’ అనే అంకె. ఈ ‘ఇ’ అంటే అంకె మారడానికి పట్టే బరువు అనుకోవచ్చు. దుకాణాల్లో వాడే మూడో తరగతి కాటాల్లో కనిష్ఠ బరువు ఈ ‘ఇ’కి ఇరవై రెట్లు. ముప్పై కిలోల కాటాల్లో చాలావాటికి ‘ఇ’ ఐదు గ్రాములు. అంటే వంద గ్రాముల కన్నా తక్కువ దాని మీద తూచకూడదు. మీ స్నేహితురాలి కందిపొడి ప్యాకెట్ సరిగ్గా ఆ అంచు మీదే ఉంది. రేపు ఆమె యాభై గ్రాముల ప్యాకెట్ వేద్దామనుకుంటే ఆ కాటా అసలు పనికిరాదు.

దీనివల్ల నష్టం ఎంతో లెక్క వేసి చూద్దాం. ఐదు గ్రాముల మెట్టుతో కదిలే కాటా 97.5 నుంచి 102.5 గ్రాముల మధ్య ఏ బరువు పెట్టినా 100 అనే చూపిస్తుంది. కొన్నవాళ్లకు తక్కువ వెళ్లకూడదనుకునే మనిషి ఇంకాస్త మొగ్గు వేసి, 105 కనిపించాకే సీలు చేస్తుంది. అంటే ఒక్కో ప్యాకెట్లో సగటున ఐదు గ్రాములు ఎక్కువ వెళుతోంది. నెలకు నాలుగు వందల ప్యాకెట్లు అమ్మితే రెండు కిలోల పొడి. కిలో ఐదు వందల రూపాయల లెక్కన వెయ్యి రూపాయలు. అదే ఒక్క గ్రాము మెట్టుతో కదిలే పది కిలోల కాటా అయితే 101 కనిపించగానే ఆపేయవచ్చు. మొగ్గు కింద పోయేది నెలకు నాలుగు వందల గ్రాములే, రెండు వందల రూపాయలు. నెలకు మిగిలే ఆ ఎనిమిది వందలతో కాటా ఖరీదు కొన్ని నెలల్లోనే వెనక్కి వచ్చేస్తుంది. అందుకే ఇంటి పొడుల వ్యాపారానికి పది కిలోల గరిష్ఠం, ఒక్క గ్రాము ‘ఇ’ ఉన్న కాటా సరిపోతుందని నా అభిప్రాయం. పప్పు, మిర్చి బస్తాలు ఆమె తూకం వేసి అమ్మేది కాదు కదా.

దుకాణంలో ఉండగానే నాలుగు పనులు చేయండి. మొదట, కాటా మీదుండే నీటి బుడగ మధ్యలోకి వచ్చేలా కాళ్లు సరిచేయించండి. తర్వాత ఒకే బరువును ప్లేటు మధ్యలో, ఆపైన నాలుగు మూలల్లో పెట్టి అంకె మారుతుందేమో చూడండి. ఖాళీ ప్యాకెట్ పెట్టి ‘టేర్’ బటన్ నొక్కితే సున్నా కావాలి. కవరు బరువు పోను లోపల ఉన్నదే నికర బరువు, లేబుల్ మీద రాయాల్సింది అదే. చివరగా, కరెంటు తీసేసి బ్యాటరీ మీద నడిపించి చూడండి. ఇంటికి తెచ్చాక ఇంకో సంగతి గుర్తుచేయండి: నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే ఒక్క గ్రాము కాటా నిలకడగా ఉండదు, తూచేటప్పుడు ఫ్యాను ఆపాలి.

కాటాతో పాటు ముద్ర ఉన్న ఇనుప గుండు ఒకటి, అర కిలోది, కలిపి ఇవ్వండి. దాని ఖరీదు ఎక్కువేం కాదు. రోజూ పొద్దున పని మొదలుపెట్టేముందు ఆ గుండు పెట్టి చూస్తే కాటా బాగుందో లేదో తెలిసిపోతుంది. 500 రావాల్సిన చోట 496 వస్తే ఆ రోజు ప్యాకింగ్ ఆపి, రిపేరు దుకాణానికి పంపాలి. సీలు ఉన్న చోట విప్పి తామే సరిచేసుకోవడానికి ప్రయత్నిస్తే ముద్ర చెల్లకుండా పోతుంది.

తర్వాత నా లెక్కలో ఉన్నది సీలింగ్ మిషన్. పచ్చడి పార్సిళ్లు దారిలో కారి, పక్కనున్న బట్టలకు నూనె అంటిందనే ఫిర్యాదు ఈ వ్యాపారంలో ఎప్పుడూ వినిపించేదే. చేత్తో నొక్కే చిన్న మిషన్ పలచటి పాలిథిన్ కవర్లకు బాగానే పనిచేస్తుంది గానీ, లోపల వెండిరంగు పొర ఉన్న మందపాటి పౌచ్‌లకు దాని వేడి చాలకపోవచ్చు. కాబట్టి ఆమె వాడే పౌచ్ ఒకటి అడిగి తీసుకుని దుకాణానికి వెళ్లి, అక్కడే సీలు వేయించి చూడండి. రెండు చేతులతో లాగితే అతుకు విడిపోకూడదు. పచ్చడి నింపేటప్పుడు మూతి దగ్గర నూనె అంటితే ఎంత మంచి మిషనైనా అతకదు. అందుకని పొడవు మెడ గరాటు ఒకటి జతచేయండి. సీలు వేసిన ప్యాకెట్‌ను రాత్రంతా న్యూస్‌పేపర్ మీద తలకిందులుగా ఉంచితే పొద్దునకి సంగతి తేలిపోతుంది. కాగితం మీద నూనె మరక ఉంటే అతుకు సరిగా పడలేదన్నమాట. మిషన్‌లో ముందుగా పాడయ్యేవి వేడెక్కే తీగ, దాని మీద ఉండే టెఫ్లాన్ గుడ్డ. వాటిని ఒక జత ఎక్కువ కొని ఇస్తే, ఆర్డర్లు ముమ్మరంగా ఉన్న రోజున తీగ తెగినా పని ఆగదు.

లేబుళ్ల విషయంలో మాత్రం తొందరపడకండి. ఐదు వేల రంగుల స్టిక్కర్లు అచ్చు వేయించి ఇచ్చేవాళ్లున్నారు. మొదటి ఏడాదిలో ఆ లేబుల్ మారకుండా ఉండదు. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ నంబరు, పద్నాలుగు అంకెలది, అప్పటికి వచ్చి ఉండకపోవచ్చు. చిరునామా మారవచ్చు, పావుకిలో కాస్తా రెండు వందల గ్రాములు కావచ్చు. మూడు నాలుగు వందలు వేయించి, ప్యాక్ చేసిన తేదీ, బ్యాచ్ నంబరు, ధర రాయడానికి ఖాళీ వదిలించండి. తేదీ తిప్పుకునే రబ్బరు స్టాంపు ఒకటి దానికి జతచేయండి. స్టాంపు సిరా ప్లాస్టిక్ మీద నిలవదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. స్టిక్కర్ మీద కాగితపు భాగంలోనే వేసుకోవాలి.

డబ్బు ఖర్చులేని కానుక ఒకటుంది, అది ఒక పూట మీ సమయం. ప్రభుత్వ పత్రాలంటే భయపడేవాళ్ల పక్కన కూర్చుని దరఖాస్తు నింపి పెట్టండి. చిన్న వ్యాపారాలకిచ్చే ఉద్యమ్ నమోదు 2020 జూలై నుంచి అమల్లో ఉంది. దానికి udyamregistration.gov.in అనే ప్రభుత్వ సైట్‌లో ఫీజేమీ లేదు. అదే రంగులు, అదే పేరు పోలికతో డబ్బు అడిగే ప్రైవేటు సైట్లు వెతికినప్పుడు పైన కనిపిస్తాయి కాబట్టి చిరునామా చివర gov.in ఉందో లేదో చూసి మొదలుపెట్టండి. ఆహార పదార్థాలకు వేరే రిజిస్ట్రేషన్ కావాలి, అది foscos.fssai.gov.in లో. ఆధార్, పాన్, ఆధార్‌కు జతైన ఫోను దగ్గర పెట్టుకోండి, ఓటీపీలు దానికే వస్తాయి. ఆహార రిజిస్ట్రేషన్ పత్రం వచ్చాక దాన్ని పనిచేసే చోట కనిపించేలా పెట్టాలి. ఎవరైనా ఫొటో ఫ్రేమ్ ఇస్తామంటే ఏ ఫోర్ సైజులో ఖాళీది ఇమ్మనండి.

ఉచితంగా ఒక ప్యాకెట్ ఇవ్వమని అడగకపోవడం స్నేహితులు చేయగల మేలు. పూర్తి ధర ఇచ్చి కొనండి, కానీ రుచి గురించి పొగడ్త కన్నా ప్యాకెట్ గురించి నిజం చెప్పండి. ఏ రోజు అందింది, అతుకు దగ్గర తడి ఉందా, పొడి గడ్డకట్టిందా, తేదీ చదవగలిగారా అన్నవి ఆమెకు బయటి కొనుగోలుదారులు ఓపిగ్గా చెప్పరు. నచ్చకపోతే మళ్లీ కొనరు, అంతే.

చివరగా కొనే పద్ధతి. ఆశ్చర్యపరచాలని రహస్యంగా కొంటే ఆమె దగ్గర అప్పటికే ఉన్నదే రెండోది కావచ్చు. ముందే అడగండి, కుదిరితే ఆమెనే వెంట తీసుకెళ్లండి. కాటా బిల్లు మీ పేరు మీద కాకుండా ఆమె వ్యాపారం పేరు మీద రాయించండి. వారంటీకి వెళ్లినా, ఖర్చుల్లో చూపించుకోవాలన్నా, ఏడాది తిరిగాక ముద్ర కొత్తగా వేయించుకోవాలన్నా కాగితాలన్నీ ఒకే పేరు మీద ఉంటాయి. ముద్ర వేసిన పత్రం జెరాక్స్ ఒకటి తీసి కాటా పెట్టెలోనే ఉంచమని చెప్పండి. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు మొదట అడిగేది దాన్నే.