నగదు పుస్తకం నిండాక ఏం చేయాలి?

ఇంటర్ కామర్స్ విద్యార్థుల అభ్యాస పత్రాల్లో తరచూ కనిపించే పట్టిక ఒకటుంది. మధ్యలో నిలువు గీత ఉంటుంది. దానికి ఎడమ పక్క డెబిట్, కుడి పక్క క్రెడిట్. రెండు పక్కలా తేదీ, వివరం, ఆవర్జా పుట, డిస్కౌంటు, నగదు, బ్యాంకు అనే వరసలుంటాయి. పట్టిక కింద ఒక్క వాక్యం ఉంటుంది: ఈ వ్యవహారాలను నగదు పుస్తకంలో రాసి, ఆవర్జాలో నమోదు చేయండి.

ఈ ప్రశ్నలో మొదటి సగం చాలామంది బాగానే చేస్తారు. వచ్చిన డబ్బు ఎడమ పక్కన, పోయిన డబ్బు కుడి పక్కన రాయడం కొద్దిపాటి సాధనతో పట్టుబడుతుంది. తప్పులు ఎక్కువగా దొర్లేది రెండో సగంలో, అంటే నిండిన నగదు పుస్తకం నుంచి ఒక్కో పద్దునూ దాని ఖాతాలోకి చేర్చేటప్పుడు. ఏ పద్దు ఆవర్జాకు వెళ్లాలి, ఏది వెళ్లకూడదు, వెళ్లేది ఏ పక్కకు వెళ్లాలి అన్న మూడు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఈ లెక్క సులువుగా తేలుతుంది.

నోటుపుస్తకాలు, పెన్నులు అమ్మే ఒక చిన్న దుకాణాన్ని తీసుకుందాం. ఏప్రిల్ 1న గల్లాలో 8,000, బ్యాంకులో 42,000 రూపాయలున్నాయి. ఒక స్కూలు దుకాణానికి 10,000 బాకీ ఉంది. దుకాణం తన టోకు వ్యాపారికి 15,000 బాకీ ఉంది. ఉన్నదీ రావలసినదీ కలిపి, అందులోంచి ఇవ్వవలసినది తీసేస్తే యజమాని మూలధనం 45,000 అవుతుంది. ఆ నెల వ్యవహారాలు ఇవి:

ఏప్రిల్ 3: నగదు అమ్మకాలు 6,500.
ఏప్రిల్ 5: స్కూలు తన 10,000 బాకీ పూర్తి పరిష్కారంగా 9,800కు చెక్కు ఇచ్చింది. ఆ రోజే బ్యాంకులో వేశారు.
ఏప్రిల్ 8: గల్లాలోంచి 7,000 బ్యాంకులో జమ చేశారు.
ఏప్రిల్ 12: టోకు వ్యాపారి 15,000 బాకీకి 14,700 చెక్కు ఇచ్చి లెక్క తీర్చారు.
ఏప్రిల్ 18: దుకాణం అద్దె నగదుగా 4,000.
ఏప్రిల్ 25: దుకాణం అవసరాలకు బ్యాంకు నుంచి తీసినది 3,000.
ఏప్రిల్ 27: ఇంటి ఖర్చులకు యజమాని బ్యాంకు నుంచి తీసుకున్నది 2,000.
ఏప్రిల్ 28: గుమాస్తా జీతం నగదుగా 5,000.

ముందు నగదు పుస్తకం తేల్చుకుందాం. నగదు వరసలో ఎడమ పక్క 8,000, 6,500, 3,000 కలిపి 17,500. కుడి పక్క 7,000, 4,000, 5,000 కలిపి 16,000. గల్లాలో మిగలాల్సింది 1,500. బ్యాంకు వరసలో ఎడమ పక్క 42,000, 9,800, 7,000 కలిపి 58,800. కుడి పక్క 14,700, 3,000, 2,000 కలిపి 19,700. బ్యాంకు నిల్వ 39,100. నగదు వరసలో కుడి పక్క మొత్తం ఎప్పుడూ ఎడమ పక్క మొత్తాన్ని మించదు, ఎందుకంటే గల్లాలో లేని డబ్బు బయటికి ఇవ్వలేం. మించిందంటే ఎక్కడో పద్దు తప్పుగా రాసినట్టే. బ్యాంకు వరసలో మాత్రం మించవచ్చు. అప్పుడు దుకాణం ఓవర్‌డ్రాఫ్టు వాడుకుందని అర్థం.

ఇక ఆవర్జా. ఇక్కడ మనసులో గట్టిగా నిలుపుకోవాల్సిన విషయం ఒకటుంది. నగదు పుస్తకం చిట్టా పని చేస్తుంది, ఆవర్జా పని కూడా చేస్తుంది. వ్యవహారం జరిగిన రోజే మొదటిసారి రాసేది అందులోనే కాబట్టి అది చిట్టా. నగదుకూ బ్యాంకుకూ నిల్వలు తేలేది కూడా అందులోనే కాబట్టి అది ఆ రెండింటి ఖాతా. అందువల్ల ఆవర్జాలో నగదు ఖాతా అని, బ్యాంకు ఖాతా అని మళ్లీ తెరవకూడదు. ప్రతి వ్యవహారంలో ఒక సగం నగదు పుస్తకంలో అప్పటికే నమోదై ఉంది. మనం ఆవర్జాకు తీసుకెళ్లేది రెండో సగాన్ని మాత్రమే.

రెండో సగం కాబట్టే పక్క మారుతుంది. నగదు పుస్తకంలో ఎడమ పక్కనున్న పద్దు తన ఖాతాలో కుడి పక్కకు, కుడి పక్కనున్న పద్దు ఎడమ పక్కకు వెళుతుంది. 3వ తేదీ నగదు అమ్మకాలు డెబిట్ పక్కన ఉన్నాయి కాబట్టి అమ్మకాల ఖాతాకు 6,500 క్రెడిట్. అద్దె క్రెడిట్ పక్కన ఉంది కాబట్టి అద్దె ఖాతాకు 4,000 డెబిట్. అదే తీరుగా జీతాల ఖాతాకు 5,000 డెబిట్. నమోదు కాగానే ఆవర్జా పుట వరసలో ఆ ఖాతా పుట సంఖ్య వేస్తారు. ఆ సంఖ్య లేని పద్దు ఇంకా ఆవర్జాకు చేరలేదని చూడగానే తెలుస్తుంది.

ఆవర్జాకు వెళ్లకూడని పద్దులు ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది 1వ తేదీ ప్రారంభ నిల్వ. అది కిందటి నెల నిల్వ కిందికి దిగినదే తప్ప కొత్త వ్యవహారం కాదు. ప్రశ్నలో యజమాని కొత్తగా డబ్బు పెట్టి వ్యాపారం మొదలుపెట్టాడని ఉంటే సంగతి వేరు. అప్పుడు ఆ మొత్తాన్ని మూలధనం ఖాతాకు క్రెడిట్ చేయాలి. రెండో రకం ఎదురు పద్దులు. 8వ తేదీన 7,000 గల్లా నుంచి బ్యాంకుకు వెళ్లింది. నగదు పుస్తకంలో బ్యాంకు వరసలో ఎడమ పక్కన, నగదు వరసలో కుడి పక్కన అది రెండుసార్లు కనిపిస్తుంది. డెబిట్, క్రెడిట్ రెండూ అక్కడే పూర్తయ్యాయి కాబట్టి ఆవర్జాలో చేయాల్సింది ఏమీ లేదు. అందుకే ఆవర్జా పుట వరసలో రెండు చోట్లా పుట సంఖ్యకు బదులు ‘సి’ అని గుర్తు పెడతారు. 25వ తేదీన తీసిన 3,000కూ ఇదే వర్తిస్తుంది.

27వ తేదీ పద్దు చూడటానికి అచ్చం 25వ తేదీ పద్దులాగే ఉంటుంది. రెండు చోట్లా బ్యాంకు నుంచి డబ్బు తీశారు. కానీ ఇంటి ఖర్చులకు తీసిన 2,000 గల్లాలోకి రాలేదు, యజమాని చేతికి వెళ్లింది. అది ఎదురు పద్దు కాదు. బ్యాంకు వరసలో కుడి పక్కన ఒక్కసారే రాసి, ఆవర్జాలో సొంత వాడకాల ఖాతాకు డెబిట్ చేయాలి. ప్రశ్నలో ‘దుకాణం అవసరాలకు’, ‘ఇంటి ఖర్చులకు’ వంటి మాటలు అందుకే ఉంటాయి. 5వ తేదీ పద్దులో ‘ఆ రోజే’ అన్న మాటా అలాంటిదే. చెక్కును వచ్చిన రోజే బ్యాంకులో వేస్తే నేరుగా బ్యాంకు వరసలో రాస్తాం. తర్వాత ఎప్పుడో వేస్తే, పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా ఉన్న పద్ధతి ప్రకారం, ముందు నగదు వరసలో రాసి, బ్యాంకులో వేసిన రోజున ఎదురు పద్దు రాయాలి.

ఇక డిస్కౌంటు. మార్కులు ఎక్కువగా పోయేది దీని దగ్గరే. స్కూలు 9,800 ఇచ్చి 10,000 బాకీ తీర్చుకుంది, మిగతా 200 మనం వదులుకున్నాం. ఈ 200 నగదు పుస్తకంలో ఎడమ పక్క డిస్కౌంటు వరసలో, 9,800 పక్కనే ఉంటుంది. టోకు వ్యాపారి మనకు వదిలిన 300 కుడి పక్క డిస్కౌంటు వరసలో ఉంటుంది. నగదు, బ్యాంకు వరసలకు నిల్వ తేల్చినట్టు డిస్కౌంటు వరసలకు తేల్చకూడదు. ఒకటి మనకు నష్టం, రెండోది మనకు లాభం. రెండూ వేరు ఖాతాలు కాబట్టి దేని మొత్తం దానికే కూడాలి.

స్కూలు ఖాతాకు 9,800తో పాటు ఆ 200 కూడా క్రెడిట్ చేయాలి, లేకపోతే తీరిపోయిన బాకీలో 200 ఇంకా మిగిలినట్టు కనిపిస్తుంది. టోకు వ్యాపారి ఖాతాకు 14,700, 300 డెబిట్ చేయాలి. ఇంతవరకు పక్క మారే సూత్రమే నడిచింది. కానీ నెలాఖరున డిస్కౌంటు వరస మొత్తాన్ని ఆవర్జాకు చేర్చేటప్పుడు పక్క మారదు. ఎడమ పక్క మొత్తం 200 ఇచ్చిన డిస్కౌంటు ఖాతాకు డెబిట్, కుడి పక్క మొత్తం 300 వచ్చిన డిస్కౌంటు ఖాతాకు క్రెడిట్. ఎందుకంటే నగదు, బ్యాంకు వరసలు తమంతట తామే ఖాతాలు, డిస్కౌంటు వరస ఖాతా కాదు. అది గుర్తు కోసం రాసుకున్న జాబితా మాత్రమే. అందులో రాసినంత మాత్రాన ఏ ఖాతాలోనూ డెబిట్ పడలేదు. స్కూలుకు 200 క్రెడిట్ చేశాం కాబట్టి దానికి సరిపడే డెబిట్ ఆవర్జాలోనే ఇంకొక ఖాతాలో పడాలి.

ఇప్పుడు అంకణా వేసి చూద్దాం. స్కూలు, టోకు వ్యాపారి ఖాతాలు పూర్తిగా తీరిపోయాయి. డెబిట్ నిల్వలు: నగదు 1,500, బ్యాంకు 39,100, అద్దె 4,000, జీతాలు 5,000, సొంత వాడకాలు 2,000, ఇచ్చిన డిస్కౌంటు 200. మొత్తం 51,800. క్రెడిట్ నిల్వలు: మూలధనం 45,000, అమ్మకాలు 6,500, వచ్చిన డిస్కౌంటు 300. ఇదీ 51,800. నగదు, బ్యాంకు నిల్వలు ఆవర్జాలో లేకపోయినా నగదు పుస్తకం నుంచి తెచ్చి అంకణాలో వేయాలి.

సరిపోకపోతే వచ్చిన తేడాయే దారి చూపిస్తుంది. ఇచ్చిన డిస్కౌంటును పొరపాటున క్రెడిట్ చేశామనుకోండి. డెబిట్ మొత్తం 51,600, క్రెడిట్ మొత్తం 52,000 అవుతాయి. తేడా 400. ఒక అంకె తప్పు పక్కకు వెళ్తే తేడా దానికి రెండింతలు వస్తుంది. కాబట్టి తేడాను సగం చేసి, 200 అనే అంకె ఎక్కడుందో వెతకాలి. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. స్కూలు ఖాతాలో 9,800 బదులు 8,900 రాస్తే తేడా 900 వస్తుంది. తేడా పుస్తకంలో ఉన్న ఒక పద్దుతో సరిగ్గా సమానమైతే, ఆ పద్దును నమోదు చేయడం మరిచిపోయి ఉండవచ్చు.

అంకణా కుదిరిందంటే అంతా ఒప్పే అనుకోవడానికి మాత్రం లేదు. అద్దెను జీతాల ఖాతాలో రాసినా రెండు మొత్తాలూ సమానంగానే ఉంటాయి. 27వ తేదీ 2,000ను ఎదురు పద్దుగా రాసినా అంతే. సొంత వాడకాల ఖాతా ఉండదు, నగదు నిల్వ 3,500 అవుతుంది, అంకణా మాత్రం ఇంతకుముందులాగే 51,800 దగ్గర కుదురుతుంది. ఈ తప్పును కాగితం మీద పట్టుకోవాలంటే ప్రశ్నలోని మాటలు మళ్లీ చదవాలి. నిజమైన దుకాణంలోనైతే గల్లా తెరిచి లెక్కపెడితే పుస్తకంలో 3,500 ఉన్నా చేతికి 1,500 మాత్రమే వస్తుంది. అందుకే దుకాణాల్లో రోజూ రాత్రి గల్లాలోని నోట్లను నగదు వరస నిల్వతో, నెలకోసారి బ్యాంకు పాస్‌బుక్కును బ్యాంకు వరసతో సరిచూసుకోవాలి.