షేర్లు, బంగారం, బాండ్లు: గీత తాకే చోటు

చేతిలో ఉన్న డబ్బులో షేర్లకు ఎంత, బంగారానికి ఎంత, ప్రభుత్వ బాండ్లకు ఎంత? ఈ ప్రశ్నను 1952లో హ్యారీ మార్కోవిట్జ్ లెక్కలోకి దించారు. రాబడితో పాటు దాని ఒడిదుడుకులనూ చూడాలన్నారు.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌కు ఏటా సగటు రాబడి 12 శాతం, ఒడిదుడుకు 18 శాతం. బంగారానికి 9, 15. గిల్ట్ ఫండ్‌కు 8, 5. ఈ మూడూ దేని దారిన అది కదులుతాయి.

వాటాలను పదేసి శాతం మారుస్తూ పోతే 66 కలయికలు వస్తాయి. ప్రతి కలయిక రాబడీ వాటాల ప్రకారం వచ్చే సగటే. ఒడిదుడుకు అలా కాదు: ప్రతి వాటాను దాని ఒడిదుడుకుతో హెచ్చించి, వర్గాలు కూడి, వర్గమూలం తీయాలి. అడ్డంగా రిస్కు, నిలువుగా రాబడి పెట్టి చుక్కలు వేస్తే, ఆ గుంపుకు ఎడమవైపు పై అంచే ఎఫిషియెంట్ ఫ్రాంటియర్. దాని ఎడమ కొసన గిల్ట్ 84 శాతం, మిగతాది బంగారం, షేర్లు. అక్కడ రిస్కు 4.6 శాతమే. అంటే ఉత్త గిల్ట్ కన్నా తక్కువ, రాబడి మాత్రం ఎక్కువ!

ఇప్పుడు 6 శాతం ఇచ్చే ట్రెజరీ బిల్లును చేర్చుదాం. దానికి రిస్కు లేదనుకుంటే నిలువు గీత మీద 6 దగ్గర చుక్క పడుతుంది. అక్కడి నుంచి ఫ్రాంటియర్‌ను తాకేలా గీసిన గీత ఆనే చోటే ట్యాంజెన్సీ పోర్ట్‌ఫోలియో. ఒక్కోదానికి 6 శాతం పైన వచ్చే రాబడిని ఒడిదుడుకు వర్గంతో భాగిస్తే వాటాల నిష్పత్తి తేలుతుంది: 6/324, 3/225, 2/25. అంటే షేర్లు 16.6, బంగారం 11.9, గిల్ట్ 71.5 శాతం. రాబడి 8.8, రిస్కు 5. ఒక్క పాయింటు రిస్కుకు దక్కే అదనపు రాబడి ఇక్కడ 0.56, విడిగా చూస్తే గిల్ట్‌కు 0.40, షేర్లకు 0.33, బంగారానికి 0.20. అన్నిటికన్నా వెనకబడిన బంగారానికీ చోటు దొరికింది, మిగతా రెంటితో కలిసి కదలదు గనుక.

జాగ్రత్తపరుడికైనా సాహసికైనా ఈ మిశ్రమం ఒకటేనని 1958లో జేమ్స్ టోబిన్ చూపించారు. మారేది ట్రెజరీ బిల్లు వాటా మాత్రమే. సగం బిల్లుల్లో పెట్టినవారికి 7.4 శాతం రాబడి, 2.5 శాతం రిస్కు. 10 శాతం కావాలంటే 6 శాతానికి అప్పు తెచ్చి ఇదే మిశ్రమం కొనాలి, రిస్కు 7.2 అవుతుంది. సామాన్యులకు ఆ వడ్డీకి అప్పు పుట్టదు. కాబట్టి వాళ్లు వంపు వెంటే పైకి జరగాలి: షేర్లు 45, బంగారం 19, గిల్ట్ 36. రిస్కు 8.8.

అసలు చిక్కు అంచనాల్లో ఉంది. గిల్ట్ రాబడి 8 కాక 7 అనుకుంటే చాలు, దాని వాటా 71.5 నుంచి 56 శాతానికి పడిపోతుంది. అందుకే ఒక్కో అంచనాను ఒక శాతం అటూ ఇటూ జరిపి చూడాలి. వాటాలు ఇలా గెంతితే, ప్రతిదానికీ ముందే కనిష్ఠ, గరిష్ఠ హద్దులు పెట్టి మళ్లీ లెక్క వేయాలి.