నాలుగో గడి దగ్గరే చిక్కు

రియల్ అనాలిసిస్ క్లాసు ముగిసేసరికి బీఎస్సీ విద్యార్థి నోట్సులో రుజువులు పేజీలకొద్దీ పేరుకుంటాయి. పరీక్ష ముందు తిరగేస్తే ఏది షరతో, ఏది ఫలితమో విడదీయడం కష్టం. అందుకే కొందరు ఒక్కో సిద్ధాంతాన్ని నాలుగు గడుల్లోకి మారుస్తారు: నిర్వచనం, ప్రవచనం, ఉదాహరణ, ప్రతిఉదాహరణ. మొదటి మూడూ నోట్సులోంచి ఎత్తి రాసుకోవచ్చు. నాలుగోది మాత్రం సాధారణంగా బోర్డు మీద కనిపించదు.

గరిష్ఠ విలువ సిద్ధాంతాన్నే తీసుకుందాం. నిర్వచనం గడిలో రాయాల్సింది ఇది: డొమైన్‌లోని ఏ x కైనా f(x) ≤ f(c) అయ్యే బిందువు c ఆ డొమైన్‌లోనే ఉంటే, f(c) గరిష్ఠ విలువ. ‘డొమైన్‌లోనే’ అన్న మాట కింద గీత గీసుకోవాలి. ప్రవచనం: సంవృత, పరిబద్ధ అంతరంపై అవిచ్ఛిన్నంగా ఉన్న ప్రమేయం గరిష్ఠ విలువను అందుకుంటుంది. సంవృతం అంటే అంతరానికి ఉన్న కొసలు అందులోనే చేరి ఉండటం. పరిబద్ధం అంటే అనంతం దాకా సాగకపోవడం. ఉదాహరణకు [0,1]పై x(1−x) తీసుకుంటే, x = 1/2 దగ్గర గరిష్ఠ విలువ 1/4.

ఇక నాలుగో గడి. షరతులు మూడు కాబట్టి ప్రతిఉదాహరణలూ మూడు కావాలి. (0,1)పై f(x) = x తీసుకుంటే విలువలు 1కి ఎంత దగ్గరికైనా వెళ్తాయి కానీ 1ని అందుకోవు. ఇక్కడ పోయింది సంవృతత్వం ఒక్కటే. అదే ప్రమేయాన్ని [0,∞)పై పెడితే పోయేది పరిబద్ధత. [0,1]పైనే ఉంచి, f(1)ని మాత్రం 0గా మార్చేస్తే అవిచ్ఛిన్నత పోతుంది.

తప్పులు రెండు చోట్ల జరుగుతాయి. కొందరు (0,∞)పై x రాస్తారు. అక్కడ రెండు షరతులు ఒకేసారి పోయాయి, గరిష్ఠం లేకపోవడానికి కారణం ఏదో తేలదు. ఇంకొందరు (0,1)పై x(1−x) రాస్తారు. షరతు పోయిన మాట నిజమే, కానీ గరిష్ఠం 1/4 అక్కడే భద్రంగా ఉంది! షరతు తప్పడం ఒక్కటే చాలదు, ఫలితమూ తప్పాలి.

ఈ గడి విలువ ఆబెల్‌కు బాగా తెలుసు. అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి అభిసరిస్తే మొత్తమూ అవిచ్ఛిన్నమేనని 1821లో కోషీ రాశాడు. 1826లో ఆబెల్ ఒక శ్రేణిని ముందు పెట్టాడు: sin x − (sin 2x)/2 + (sin 3x)/3 − … దాని మొత్తం x = π దగ్గర తెగిపోతుంది. ప్రవచనంలో లోపించిన షరతుకు ఏకరూప అభిసరణ అన్న పేరు ఆ తర్వాత స్థిరపడింది.

గడి నిండాక పెన్సిల్‌తో ఇంకో పని మిగులుతుంది. ప్రతి ప్రతిఉదాహరణ పక్కనా, అది రుజువులో ఏ వాక్యం దగ్గర ఆగిపోతుందో రాయడం. (0,1)పై x విషయంలో 1/2, 2/3, 3/4… అని బిందువులు ఎంచుకుంటే వాటి అవధి 1. ‘ఈ అవధి అంతరంలోనే ఉంది కనుక’ అని లెక్చరర్ గబగబా చదివేసిన వాక్యం దగ్గరే బండి ఆగింది.